ఒకే కారం, రెండు ఇండెమ్నిటీ క్లాజులు

ప్రశ్న చిన్నదే. గుంటూరులోని ఒక కారం మిల్లు హైదరాబాదులోని పచ్చళ్ల కంపెనీకి ఏడాది పొడవునా 20 టన్నుల ఎండుమిరప కారం సరఫరా చేయాలి. కిలో 250 రూపాయల చొప్పున ఒప్పందం విలువ 50 లక్షలు. మీరు పచ్చళ్ల కంపెనీ తరఫు లాయరు. ఇండెమ్నిటీ క్లాజు రాయండి, రాసిన ప్రతి మాటనూ వైవాలో సమర్థించుకోండి.

లా కోర్సులో డ్రాఫ్టింగ్ పేపరుకు బార్ కౌన్సిల్ 2008లో పెట్టిన లెక్క ఇది: ప్లీడింగ్స్ 15 రాస్తే 45 మార్కులు, దస్తావేజులు 15 రాస్తే మరో 45, మిగిలిన 10 మార్కులూ వైవాకు. ఆ పది మార్కుల కోసం ఎక్స్‌టర్నల్‌గా కూర్చున్నప్పుడు నా ముందుకొచ్చిన రెండు ముసాయిదాలను ఇక్కడ పక్కపక్కన పెడుతున్నాను. రెండూ ఒకే ప్రశ్నకు, ఒకే క్లయింటు కోసం రాసినవి. చూపులో మాత్రం ఉత్తర దక్షిణ ధ్రువాలు. రెంటినీ ఒకే కొలబద్దతో కొలిచాను. ఈ క్లాజు అసలు లేకపోతే చట్టం నా క్లయింటుకు ఎంత ఇచ్చేది? ఈ మాట రాయడం వల్ల అది పెరిగిందా, తగ్గిందా? ఇండెమ్నిటీ క్లాజులో ఏ మాటనైనా తూచడానికి ఇంతకన్నా నమ్మకమైన పద్ధతి నాకు తెలియదు.

మొదటి అభ్యర్థి క్లాజు, తెలుగులో చెప్పుకుంటే ఇలా ఉంది: "ఈ ఒప్పందం మూలంగా గాని, దీనికి సంబంధించి ఏ విధంగానైనా గాని, మూడో వ్యక్తులు వేసే దావాలు, క్లెయిములు, డిమాండ్ల వల్ల కొనుగోలుదారుకు కలిగే సమస్త నష్టాలు, బాధ్యతలు, ఖర్చులు, జరిమానాలు, లాయరు ఫీజులన్నిటి నుంచీ సప్లయరు కొనుగోలుదారును కాపాడి, ఏ నష్టమూ లేకుండా చూడవలెను."

రెండో అభ్యర్థి రాసింది: "సప్లయరు పంపిన కారం డెలివరీ నాటికి ఆహార భద్రతా చట్టం కింది ప్రమాణాలకు సరిపోకపోవడం వల్ల కొనుగోలుదారు చెల్లించిన సొమ్మును, పచ్చడిని మార్కెట్ నుంచి వెనక్కి రప్పించిన ఖర్చుతో సహా, సప్లయరు తిరిగి చెల్లిస్తాడు. లోపం తెలిసిన 15 రోజుల్లో కొనుగోలుదారు రాతపూర్వకంగా తెలపాలి. తెలపకపోతే ఈ హక్కు పోతుంది. సప్లయరు సమ్మతి లేకుండా కొనుగోలుదారు ఏ దావానూ రాజీ చేసుకోకూడదు. సప్లయరు బాధ్యత ఆ బ్యాచ్ ధరకు మించదు."

మొదటిది ఫారం పుస్తకంలోంచి దిగింది. రెండోది ఆ అమ్మాయి సొంతంగా కూర్చి రాసింది. నిజానికి ఏది క్లయింటును కాపాడుతుందో తేల్చడానికి వైవాలో ఇద్దరి ముందూ ఒకే సంఘటన పెట్టాం.

ఒక బ్యాచ్‌లో రెండు టన్నుల కారం వచ్చింది, ధర 5 లక్షలు. పది కిలోల పచ్చడికి కిలో కారం చొప్పున 20 టన్నుల పచ్చడి తయారై దుకాణాలకు వెళ్లిపోయింది. తర్వాత కంపెనీ తన ల్యాబ్‌లో దాచి ఉంచిన శాంపిల్‌ను పరీక్షిస్తే సుడాన్ రంగు బయటపడింది. కారం ఎర్రగా మెరవడానికి కలిపే ఈ పారిశ్రామిక రంగుకు ఆహారంలో అనుమతే లేదు. ఒక్క వినియోగదారుడూ ఫిర్యాదు చేయలేదు, ఎవరూ జబ్బు పడలేదు. కంపెనీ సరుకంతా వెనక్కి రప్పించి నాశనం చేయించింది. కారం ధరతో సహా తయారీ ఖర్చు 30 లక్షలు, పోయిన లాభం 10 లక్షలు, రీకాల్‌కూ నాశనానికీ అయిన ఖర్చు 6 లక్షలు, మొత్తం 46 లక్షలు. ఐదు లక్షల సరుకు నలభై ఆరు లక్షల నష్టం తెచ్చింది. పదార్థాలు సరఫరా చేసే ఒప్పందాల్లో ప్రమాదమంతా ఈ తేడాలోనే ఉంటుంది. 2005లో బ్రిటన్‌లో ఒక సాస్‌లో వాడిన భారతీయ కారంలో సుడాన్-1 దొరికితే, ఆ సాస్ కలిసిన వందల రకాల తినుబండారాలు దుకాణాల నుంచి వెనక్కి వెళ్లాయి.

మొదటి అభ్యర్థిని అడిగాం. "బాబూ, ఈ 46 లక్షల్లో నీ క్లాజు ఎంత ఇప్పిస్తుంది?"

"సమస్త నష్టాలూ అని రాశాను కదా మేడమ్, మొత్తం వస్తుంది."

"సమస్త నష్టాలూ సరే. వేటి వల్ల కలిగిన నష్టాలు?"

అతను తన క్లాజును మళ్లీ చదువుకున్నాడు. "మూడో వ్యక్తులు వేసే దావాలు, క్లెయిములు, డిమాండ్ల వల్ల..." అక్కడే ఆగిపోయాడు. దావా ఏదీ? క్లెయిమ్ ఏదీ? ఎవరూ ఏమీ అడగలేదు. కంపెనీ తనంతట తానే తప్పు పట్టుకుని, తనంతట తానే సరుకు తీసేసింది. క్లాజులో ఎన్ని రకాల నష్టాల పేర్లు పేర్చినా, ఆ పేర్లన్నీ వేలాడుతున్న కొక్కెం మూడో వ్యక్తి క్లెయిమ్. ఆ కొక్కెం లేకపోతే ఒక్క రూపాయి కూడా రాదు.

ఇది పరీక్ష గదిలో పుట్టిన చిక్కు కాదు. 2017లో బ్రిటన్ సుప్రీంకోర్టు వుడ్ వర్సెస్ క్యాపిటా కేసులో సరిగ్గా దీన్నే తేల్చింది. క్యాపిటా ఒక మోటారు ఇన్సూరెన్స్ బ్రోకింగ్ కంపెనీని కొన్నది. పాలసీలను తప్పుగా చెప్పి అమ్మితే వచ్చే నష్టానికి అమ్మినవాళ్లు ఇండెమ్నిటీ ఇచ్చారు. కొన్న తర్వాత అలాంటి అమ్మకాలు జరిగాయని కంపెనీ ఉద్యోగులే బయటపెట్టారు. కంపెనీ నియంత్రణ సంస్థకు తనే తెలిపింది, ఖాతాదారులకు పరిహారం చెల్లించింది. కానీ ఇండెమ్నిటీని రాసిన తీరు, క్లెయిములో ఫిర్యాదులో వచ్చినప్పుడే వర్తించేలా ఉంది. ఖాతాదారులెవరూ ఫిర్యాదు చేయలేదు కాబట్టి ఇండెమ్నిటీ కింద ఏమీ రాదని కోర్టు తీర్పు చెప్పింది. నిజాయితీగా ముందే చెప్పిన కొనుగోలుదారు నష్టపోయాడని అక్కడ వాదించారు. కోర్టు మాత్రం రాసుకున్న మాటలకే కట్టుబడింది.

ఆహార పదార్థాల విషయంలో ఈ లోపం మరీ పెద్దది. 2006 ఆహార భద్రతా చట్టం 28వ సెక్షన్ ప్రకారం, తాను తయారుచేసిన ఆహారం చట్టానికి లోబడి లేదని నమ్మడానికి కారణం ఉన్న వ్యాపారి వెంటనే దాన్ని మార్కెట్ నుంచి తీసేయాలి, అధికారులకు తెలపాలి. ఎవరో ఫిర్యాదు చేసేదాకా ఆగడం చట్టవిరుద్ధం. అంటే మొదటి క్లాజు ప్రకారం పచ్చళ్ల కంపెనీ చట్టాన్ని పాటిస్తే డబ్బు రాదు. పాటించకుండా కూర్చుని, జనం జబ్బు పడి దావాలు వేశాక అయితే వస్తుంది. ఇలాంటి క్లాజు రాసిచ్చిన లాయరు క్లయింటును తప్పుదారిలోకి తోస్తున్నట్టే.

రెండో అభ్యర్థి ఇక్కడ స్పష్టంగా గెలిచింది. ఆమె క్లాజు మొదలయ్యేది క్లెయిమ్‌తో కాదు, కారంలో లోపంతో. రీకాల్ ఖర్చును విడిగా పేరుపెట్టి రాసింది. "ఎందుకమ్మా రీకాల్‌ను ప్రత్యేకంగా రాశావు?" అని అడిగితే, 28వ సెక్షన్ కింద కంపెనీకి వేరే దారి లేదు కాబట్టి, అది కంపెనీ ఇష్టపడి పెట్టిన ఖర్చు అని మిల్లు తర్వాత వాదించకుండా ఉండేందుకు, అంది. అంతకంటే మంచి సమాధానం ఉండదు.

తర్వాత "ఏ విధంగానైనా" అనే మాట. మొదటి అభ్యర్థి దాన్ని గొప్ప ఆయుధంగా భావించాడు. మేము ఇంకో సంఘటన ఇచ్చాం: సుడాన్ రంగు కాదు, అఫ్లాటాక్సిన్ దొరికింది. ఇది బూజు వల్ల పుట్టే విషం. మిరపకాయలు సరిగా ఎండకపోతే మిల్లుకు రాకముందే పుడుతుంది. గోదాములో తేమ తగిలితే తర్వాతా పెరుగుతుంది. పచ్చళ్ల కంపెనీ గోదాము కప్పు వానకు కారింది. అప్పుడు?

"ఒప్పందానికి సంబంధించిన నష్టమే కదా మేడమ్, సప్లయరే ఇవ్వాలి," అన్నాడు.

ఇంత విశాలమైన మాట వాడినంత మాత్రాన సొంత నిర్లక్ష్యం వల్ల వచ్చిన నష్టాన్ని కూడా ఎదుటివాడి నెత్తిన వేయొచ్చని కోర్టులు తేలిగ్గా ఒప్పుకోవు. 1952లో కెనడా స్టీమ్‌షిప్ కేసులో ప్రీవీ కౌన్సిల్ చెప్పిన సూత్రం లాయర్లందరికీ తెలిసిందే: తన నిర్లక్ష్యానికి కూడా రక్షణ కావాలనుకునేవాడు ఆ సంగతి విడమరిచి రాసుకోవాలి. ఆ తీర్పు పట్టు ఇప్పుడు బ్రిటన్‌లోనే సడలింది, అయినా దాని వెనకున్న అనుమానం సహజమైనది. నీ కప్పు కారితే నేనెందుకు కట్టాలని మిల్లు యజమాని అడిగితే ఏ జడ్జికైనా అది న్యాయంగానే వినిపిస్తుంది. పైగా బేరంలో ఈ మాట చూసిన మిల్లు తరఫు లాయరు మొత్తం క్లాజునే కొట్టేస్తాడు.

రెండో అభ్యర్థి "డెలివరీ నాటికి" అని రాసింది. న్యాయమైన గీత. కానీ గీత గీస్తే చాలదు, దాన్ని ఎలా రుజువు చేస్తావని అడిగినప్పుడు తడబడింది. కారం గోదాములో రెండు నెలలు ఉన్నాక పరీక్షిస్తే డెలివరీ రోజు దాని పరిస్థితేమిటో ఎవరు చెప్పగలరు? ఇక్కడ కావలసింది మాట కాదు, పద్ధతి. లారీ దిగిన రోజే ప్రతి బ్యాచ్ నుంచి ఇద్దరి సమక్షంలో మూడు శాంపిల్స్ తీసి, ముద్ర వేసి, ఒకటి మిల్లుకు, ఒకటి కంపెనీకి, మూడోది తేడా వస్తే గుర్తింపు పొందిన ల్యాబ్‌కు పంపడానికి దాచాలి. ఆ మూడో శాంపిల్ ఫలితమే డెలివరీ నాటి స్థితిగా ఇద్దరూ ఒప్పుకుంటున్నట్టు క్లాజులో రాయాలి. ఆ ఒక్క వాక్యం ఉంటే అఫ్లాటాక్సిన్ తగాదాలో సగం కోర్టు దాకా పోదు.

ఇంతవరకు రెండో అభ్యర్థిదే పైచేయి. అయితే ఆమె వాడిన ఒక మాట క్లయింటు చేతులు కట్టేసింది. "కొనుగోలుదారు చెల్లించిన సొమ్ము" అని రాసింది. అంటే కంపెనీ ముందు జేబులోంచి తీసి కట్టాలి, తర్వాతే మిల్లును అడగాలి. దుకాణదారులు 20 లక్షల వాపసు బిల్లులు పంపి, కంపెనీ దగ్గర అంత నగదు లేకపోతే? కాంట్రాక్టు చట్టం 124, 125 సెక్షన్లను పైపైన చదివితే నష్టం జరిగాకే హక్కు అనిపిస్తుంది. కానీ 1942లో బొంబాయి హైకోర్టులో జస్టిస్ ఛాగ్లా, గజానన్ మోరేశ్వర్ కేసులో ఆ సెక్షన్లు ఇండెమ్నిటీ చట్టం మొత్తాన్నీ చెప్పేసినవి కావన్నారు. బాధ్యత ఖాయంగా మీద పడ్డాక, డబ్బు కట్టకముందే తనను దాని నుంచి తప్పించమని అడగవచ్చని తీర్పిచ్చారు. చట్టం ఇచ్చిన ఆ వెసులుబాటును "చెల్లించిన" అనే ఒక్క మాటతో ఆమె వదులుకుంది. మొదటి అభ్యర్థి పాత ఫారంలోంచి ఆలోచించకుండా దించిన "బాధ్యతలు", "కాపాడి" అన్న మాటలు ఇక్కడ ఆమె మాట కన్నా మేలు. దించినవాడికి ఎందుకో తెలియదు. అయినా ఆ మాట వెనక తరాల అనుభవం ఉంది. ఫారం పుస్తకాలను ఒక్కసారిగా తీసిపారేయకూడదని నేననేది ఇందుకే.

15 రోజుల గడువు గురించి ఆమెను గట్టిగానే అడిగాం. "తెలపకపోతే ఈ హక్కు పోతుంది" అంటే, గడువు దాటగానే హక్కు చచ్చిపోయేలా రాసినట్టు. 1997 సవరణ తర్వాత కాంట్రాక్టు చట్టం 28వ సెక్షన్ ప్రకారం, నిర్ణీత గడువు దాటిందన్న కారణంతో హక్కును రద్దుచేసి, దాన్ని అమలుపరచుకోకుండా అడ్డుపడే షరతు ఆ మేరకు చెల్లదు. నోటీసు షరతు ఆ సెక్షన్ కిందికి వస్తుందా రాదా అని రెండు వైపులా వాదించవచ్చు. కానీ కొనుగోలుదారు తరఫు లాయరు తన క్లయింటుకు వ్యతిరేకంగా పనిచేసే అలాంటి వివాదాన్ని తనే కొనితెచ్చుకోవడం దేనికి? "ఆలస్యం వల్ల సప్లయరుకు ఎంత నష్టం జరిగితే అంత మేరకే చెల్లింపు తగ్గుతుంది" అని రాస్తే మిల్లుకు కావలసిన రక్షణా దొరుకుతుంది, కంపెనీ హక్కూ నిలుస్తుంది.

రాజీ మాట కూడా అలాంటిదే. సప్లయరు ఆదేశాలకు విరుద్ధం కాని, వివేకవంతుడు చేసుకునే రాజీ అయితే ఆ సొమ్మును 125వ సెక్షన్ ఎలాగూ ఇప్పిస్తుంది. దాని మీద ముందస్తు సమ్మతి పెట్టి ఆమె క్లయింటు హక్కును కుదించింది. మిల్లు ఉలుకూ పలుకూ లేకుండా ఉంటే కంపెనీ రాజీ పడనూలేదు, పోరాడనూలేదు. ఏడు రోజుల్లో జవాబు రాకపోతే సమ్మతించినట్టే అనే వాక్యం చేర్చాలి.

ఇక రెండో ముసాయిదాలో చివరి వాక్యం. నా మట్టుకు ఈ రెండు క్లాజుల్లోనూ అతి ప్రమాదకరమైన వాక్యం ఇదే. "సప్లయరు బాధ్యత ఆ బ్యాచ్ ధరకు మించదు." ఎందుకు పెట్టావంటే, పరిమితి లేని ఇండెమ్నిటీకి ఏ మిల్లూ సంతకం పెట్టదు మేడమ్, అంది. నిజమే, చిన్న మిల్లు యజమాని సంతకం పెట్టడు. కానీ లెక్క చూడాలి. బ్యాచ్ ధర 5 లక్షలు. నష్టం 46 లక్షలు.

అప్పుడు నేను నా కొలబద్ద ప్రశ్న అడిగాను. "నీ క్లాజే లేదనుకో. నీ క్లయింటుకు ఏమొచ్చేది?"

ఆమె ఆలోచించి, 73వ సెక్షన్ కింద పరిహారం వచ్చేదని చెప్పింది. ఒప్పందం ఉల్లంఘించినప్పుడు మామూలుగా కలిగే నష్టమూ, ఉల్లంఘిస్తే కలుగుతుందని ఒప్పందం చేసుకున్నప్పుడే ఇద్దరికీ తెలిసిన నష్టమూ ఆ సెక్షన్ ఇప్పిస్తుంది. దూరపు నష్టం, పరోక్ష నష్టం ఇప్పించదు. 1854 నాటి హ్యాడ్లీ వర్సెస్ బాక్సెండేల్ తీర్పులోని సూత్రమే మన చట్టంలోకి ఈ రూపంలో వచ్చింది. కారం పచ్చళ్లలోకి పోతుందని, పచ్చడి దుకాణాలకు పోతుందని మిల్లుకు ముందే తెలుసు. కాబట్టి తయారీ ఖర్చు 30 లక్షలు, రీకాల్ 6 లక్షలు అడగడానికి బలమైన ఆధారం ఉంది. లాభం 10 లక్షలకూ వాదన ఉంది. ఆమె పరిమితి వాక్యం మాత్రం "ఈ క్లాజు కింద" అనలేదు, "సప్లయరు బాధ్యత" అంది. అంటే 73వ సెక్షన్ కింది హక్కు కూడా 5 లక్షల దగ్గరే ఆగిపోయిందని మిల్లు వాదిస్తుంది. క్లాజు రాయకపోతే 36 లక్షలకు పైగా అడగగలిగిన క్లయింటు, క్లాజు రాయించుకున్నందుకు 5 లక్షలతో ఇంటికి వెళ్లే స్థితి వచ్చింది.

ఆ అమ్మాయి ముఖం పాలిపోయింది. కానీ వెంటనే ఆమె చెప్పిన సమాధానం నాకు నచ్చింది: "పరిమితిని మొత్తం ఒప్పందం విలువకు మారుస్తాను మేడమ్. 50 లక్షలంటే ఈ నష్టం అందులో పడుతుంది. కారం పచ్చళ్ల తయారీకేనని ఒప్పందం మొదట్లో రాస్తాను." ఆ రెండో మాట మరీ మంచిది. క్లాజుకు బయట, ఒప్పందం ముందుమాటలో రాసే ఆ ఒక్క వాక్యం మిల్లుకు సంగతి తెలుసనడానికి రాతపూర్వక సాక్ష్యమవుతుంది. క్లాజులో పది పదాలు పేర్చినా రాని బలం దాని వల్ల వస్తుంది.

మొదటి ముసాయిదాలోని "జరిమానాలు" గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. కంపెనీ తన సొంత నేరానికి కట్టిన శిక్షా జరిమానాను ఇంకొకరి మీదికి నెట్టే ఒప్పందం, 23వ సెక్షన్ పబ్లిక్ పాలసీ పరీక్షకు నిలబడడం కష్టం. ఆ మాట తీసేస్తే పోయేదేమీ లేదు.

ఇద్దరి రాతల్లోంచీ నిలిచేవి ఏరి, వైవా తర్వాత ఇద్దరికీ చూపించిన క్లాజు ఇది:

"సప్లయరు సరఫరా చేసిన కారం డెలివరీ నాటికి ఆహార భద్రతా ప్రమాణాలకు సరిపోకపోవడం వల్ల, ఎవరైనా క్లెయిమ్ చేసినా చేయకపోయినా, కొనుగోలుదారుకు కలిగే నష్టాన్నీ, మీద పడే బాధ్యతనూ, తయారైన సరుకు ఖర్చు, పోయిన లాభం, చట్టం ప్రకారం వెనక్కి రప్పించే ఖర్చుతో సహా, సప్లయరు భరిస్తాడు, కొనుగోలుదారు ముందుగా చెల్లించి ఉండనక్కర్లేదు. డెలివరీ రోజు ముద్ర వేసిన మూడో శాంపిల్ పరీక్షా ఫలితమే ఆనాటి స్థితికి నిదర్శనం. కొనుగోలుదారు లోపాన్ని ఆలస్యం లేకుండా తెలపాలి; ఆలస్యం వల్ల సప్లయరుకు కలిగిన నష్టం మేరకు చెల్లింపు తగ్గుతుంది. రాజీ ప్రతిపాదనకు సప్లయరు ఏడు రోజుల్లో జవాబివ్వకపోతే సమ్మతించినట్టే. ఈ క్లాజు కింద చెల్లింపు ఒప్పందం మొత్తం విలువకు మించదు. కొనుగోలుదారుకు చట్టం ఇచ్చే ఇతర హక్కులను ఈ పరిమితి తగ్గించదు."

చివరి వాక్యానికి మిల్లు లాయరు తప్పకుండా అడ్డం తిరుగుతాడు, బేరమంతా అక్కడే జరుగుతుంది. అప్పుడు కొనుగోలుదారు లాయరు అడగవలసింది ఇంకో వాక్యం కాదు. మిల్లు పేరిట ప్రొడక్ట్ లయబిలిటీ ఇన్సూరెన్స్ పాలసీ ఉందా, అందులో రీకాల్ ఖర్చు కలిసి ఉందా, లేక దాన్ని విడిగా కొనాలా అని అడగాలి. మామూలు పాలసీలు చాలావరకు మూడో వ్యక్తికి కలిగిన హానినే చూస్తాయి, రీకాల్‌ను బయట పెడతాయి. మొదటి అభ్యర్థి క్లాజులో ఉన్న లోపమే పాలసీలోనూ ఉంటే, 50 లక్షలు కట్టాల్సి వచ్చేది ఇన్సూరెన్స్ కంపెనీ కాదు, ఏడాదికి అంత లాభం చూడని మిల్లు యజమాని.